బీపీ మాత్ర వేసుకునేవారికి పెదవి, నాలుక ఉన్నట్టుండి వాస్తే ఏం చేయాలి

మా మామయ్య ఒకరోజు పొద్దున్నే కాఫీ గ్లాసు నోటికి ఆనించుకుంటే కాఫీ లోపలికి పోకుండా చొక్కా మీదకు కారిపోయింది. అద్దంలో చూసుకుంటే పైపెదవి కుడివైపు సగం మాత్రమే ఉబ్బి ముందుకు వచ్చి ఉంది. ఎడమవైపు మామూలుగానే ఉంది. నొప్పి లేదు, దురద లేదు, ఒంటి మీద ఎక్కడా దద్దుర్లు లేవు. ముందురోజు రాత్రి రొయ్యల కూర తిన్నారు కాబట్టి ఇంట్లో అందరూ నేరం రొయ్యల మీద వేశారు. వీధి చివర ఆర్ఎంపీ దగ్గరికి వెళితే అలర్జీ అని ఒక ఇంజెక్షన్ చేసి, మూడు రోజులకు మాత్రలిచ్చారు. మర్నాడు సాయంత్రానికి పెదవి మామూలైంది. మామయ్య రొయ్యలు మానేశారు. పొద్దునా రాత్రీ వేసుకునే బీపీ మాత్ర మాత్రం మానలేదు, ఎందుకంటే దాని మీద ఎవరికీ అనుమానమే రాలేదు.

రెండు నెలల తర్వాత పప్పుచారు అన్నం తిన్న రాత్రి నాలుక వాచింది.

నేను ఆసుపత్రి ఫార్మసీలో పనిచేస్తాను. మామయ్య వేసుకునే మాత్ర ఎనలాప్రిల్ అని నాకు తెలుసు, కానీ మొదటిసారి వాపు సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ రెండో రాత్రి వచ్చేదే కాదేమో. ఇది ఎలా గుర్తుపట్టాలో, వచ్చినప్పుడు ఏ వరుసలో ఏం చేయాలో, తగ్గాక ఏం మర్చిపోకూడదో ఇక్కడ రాస్తున్నాను.

ఈ పనిని ఈరోజే చేయండి: మాత్రల స్ట్రిప్పు తిప్పి చదవండి

వాపు వచ్చాక చదవడం కష్టం. అందుకే ముందే చూసుకోవాలి. స్ట్రిప్పు ముందువైపు పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టిన పేరు. దానితో మనకు పని లేదు. దాని కింద గానీ వెనకవైపు గానీ చిన్న అక్షరాల్లో మందు అసలు పేరు ఉంటుంది. ఆ పేరు చివర 'ప్రిల్' అని, అంటే ఇంగ్లీషులో పి, ఆర్, ఐ, ఎల్ అనే నాలుగు అక్షరాలు ఉంటే అది ఏస్ ఇన్హిబిటర్ అనే జాతి మందు. మన దగ్గర ఎక్కువగా రాసేవి రామిప్రిల్, ఎనలాప్రిల్, పెరిండోప్రిల్, లిసినోప్రిల్. అమెరికాలో లిసినోప్రిల్ చాలా ఎక్కువగా వాడతారు. అక్కడ పిల్లల దగ్గర ఉంటున్న అమ్మానాన్నలు తమ మాత్రల డబ్బా ఒకసారి చూసుకుంటే మంచిది.

చదివేటప్పుడు మొదటి పేరు చూసి ఆగిపోకండి. అమ్లోడిపిన్ అనే వేరే జాతి బీపీ మందుతో కలిపి, నీరు తీసే మందుతో కలిపి ఒకే మాత్రగా కూడా ప్రిల్ మందులు వస్తాయి. గుండెపోటు వచ్చినవారికి ఇచ్చే కొన్ని క్యాప్సూళ్లలో ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ మందుతో పాటు రామిప్రిల్ కూడా ఉంటుంది. ఇంకో మాట. "నాకు బీపీ లేదు కదా" అని వదిలేయకండి. గుండె బలహీనంగా ఉన్నవారికి, షుగర్ ఉండి మూత్రంలో ప్రొటీన్ పోతున్నవారికి కూడా ఇవే మాత్రలు రాస్తారు. ఆ మాత్ర దేనికో అడిగితే చాలామంది "కిడ్నీకి" అంటారు తప్ప పేరు చెప్పలేరు.

ప్రిల్ కనబడగానే భయపడి మానేయకండి. ఈ వాపు వచ్చేది సుమారుగా వెయ్యి మందిలో ఒకరి నుంచి ఏడుగురి వరకు. మిగతా వాళ్ల గుండెనూ కిడ్నీలనూ ఈ మందులు ఏళ్ల తరబడి కాపాడుతున్నాయి. మీకు వాపు రాకపోతే మాత్ర యథావిధిగా వేసుకోండి. కాకపోతే ఆ పేరు గుర్తుపెట్టుకోండి, ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పి ఉంచండి.

ఎవరికి కాస్త ఎక్కువ అవకాశం ఉంటుందంటే, ఇంతకు ముందు ఎప్పుడైనా కారణం తెలియకుండా ముఖం వాచినవారికి, పొగతాగేవారికి, ఆడవాళ్లకు, వయసు పైబడ్డవారికి, ఈ మాత్ర వల్ల పొడి దగ్గు వచ్చినవారికి. ఇంకొకటి షుగర్ ఉన్నవాళ్లు తెలుసుకోవాల్సింది. విల్డాగ్లిప్టిన్ లాంటి, పేరు చివర 'గ్లిప్టిన్' అని ఉండే షుగర్ మాత్రలు ప్రిల్ మందుతో కలిస్తే ఈ వాపు అవకాశం పెరుగుతుంది. మా మామయ్య రెండేళ్లుగా ఎనలాప్రిల్ వేసుకుంటున్నా ఏమీ కాలేదు. మొదటిసారి పెదవి వాయడానికి రెండు నెలల ముందు ఆయనకు విల్డాగ్లిప్టిన్ మొదలుపెట్టారు. అదే కారణమని గట్టిగా చెప్పలేం, కానీ ఆసుపత్రిలో డాక్టర్ ఆ స్ట్రిప్పును కూడా చేతిలోకి తీసుకుని కాసేపు చూశారు.

వాపు కనబడితే: ఇది ఆ మాత్ర వాపేనా అని చూసుకోవడం

రొయ్యలు, వేరుశనగ, కందిరీగ కాటు, కొత్త యాంటీబయాటిక్ లాంటివాటితో వచ్చే అలర్జీ వాపు సాధారణంగా నిమిషాల్లో, మహా అయితే ఒకటి రెండు గంటల్లో మొదలవుతుంది. ఎక్కువమందికి ఒళ్లంతా దురద, ఎర్రటి దద్దుర్లు ఉంటాయి. ఛాతీలో పిల్లికూతలు, వాంతి, కళ్లు తిరగడం కూడా కలవవచ్చు.

ప్రిల్ వాపు వేరు. దద్దుర్లు ఉండవు, దురద ఉండదు. పెదవులు, నాలుక, ముఖం, గొంతు లోపల ఎక్కడైనా రావచ్చు. చాలాసార్లు ఒకవైపే ఎక్కువగా ఉంటుంది. చర్మం రంగు మామూలుగానే ఉండి, లోపల నీరు నింపినట్టు ఉబ్బుతుంది. కొన్ని గంటల పాటు మెల్లగా పెరిగి, ఒకటి నుంచి మూడు రోజుల్లో దానంతట అదే తగ్గిపోతుంది. అరుదుగా కొందరికి ముఖం బాగానే ఉండి పేగు గోడ వాస్తుంది. అప్పుడు కారణం తెలియని కడుపునొప్పి, వాంతులు వచ్చి పోతుంటాయి.

అందరూ మోసపోయేది కాలం దగ్గర. "ఈ మాత్ర రెండేళ్లుగా వేసుకుంటున్నాను, పడకపోతే ఎప్పుడో పడకపోయేది కదా" అంటారు. ఈ వాపు మొదటి మాత్రకే రావచ్చు, మొదటి నెలలో రావచ్చు, అయిదారేళ్లు హాయిగా వేసుకున్నాక ఒక తెల్లవారుజామున కూడా రావచ్చు. ఎన్నేళ్లు వేసుకున్నా "నాకు ఇక రాదు" అనడానికి లేదు.

ఎందుకిలా జరుగుతుందో తెలిస్తే తర్వాతి మెట్లు సులభంగా అర్థమవుతాయి. మన ఒంట్లో బ్రాడికైనిన్ అనే పదార్థం తయారవుతుంటుంది. అది సన్నటి రక్తనాళాల గోడలను వదులు చేస్తుంది. అది ఎక్కువైతే రక్తంలోని నీరు గోడల్లోంచి బయటకు ఊరుతుంది. దాన్ని ఎప్పటికప్పుడు విరగ్గొట్టే ఎంజైమ్ పేరు ఏస్. బీపీ తగ్గించడానికి మనం వేసుకునే ప్రిల్ మాత్ర ఆ ఏస్‌నే ఆపుతుంది. చాలామందిలో బ్రాడికైనిన్‌ను వేరే ఎంజైమ్‌లు చూసుకుంటాయి. కొద్దిమందిలో ఆ ఏర్పాటు సరిపోక అది పేరుకుపోతుంది. ఈ జాతిలో మొదట వచ్చిన మందు కాప్టోప్రిల్, 1981లో అమెరికాలో అనుమతి పొందింది. దాని మూలం బ్రెజిల్ అడవుల్లోని ఒక రక్తపింజరి జాతి పాము విషం. ఆ విషం బ్రాడికైనిన్ ప్రభావాన్ని పెంచుతుందని గమనించిన శాస్త్రవేత్తల పని నుంచే ఈ మందులు పుట్టాయి. అంటే బీపీ తగ్గడమూ ఈ వాపూ ఒకే తాళంచెవితో తెరుచుకున్న రెండు తలుపులు.

అలర్జీ వాపులో పనిచేసేది హిస్టమిన్ అనే వేరే పదార్థం. అవిల్, సిట్రజిన్ లాంటివి ఆ హిస్టమిన్‌ను అడ్డుకుంటాయి. బ్రాడికైనిన్ జోలికి అవి పోవు. అందుకే ప్రిల్ వాపుకు ఆ ఇంజెక్షన్లు పెద్దగా పనిచేయవు.

మరి మామయ్యకు ఇంజెక్షన్ చేశాక తగ్గింది కదా అంటారా? ఇంజెక్షన్ చేయకపోయినా మర్నాడు సాయంత్రానికి తగ్గేదే. వాపు తన గడువు తీరి పోయింది, మంచిపేరు ఇంజెక్షన్‌కు వచ్చింది. నేను ఇది రాయడానికి అసలు కారణం ఇదే. మొదటిసారి చిన్నగా వచ్చి పోతుంది, అలర్జీ అనుకుంటాం, అదే మాత్ర మళ్లీ వేసుకుంటాం. అలా కొనసాగించేవారికి వాపు మళ్లీ మళ్లీ వచ్చే అవకాశం చాలా ఎక్కువ, ఏసారి గొంతు దాకా వెళ్తుందో ఎవరూ చెప్పలేరు.

వాపు వచ్చిన గంటలో చేయాల్సిన పనులు

మామయ్య విషయంలో ఆ రాత్రి పదింటికి అత్తయ్య ఫోన్ చేసింది. "మీ మామయ్యకు నాలుక మందంగా ఉందంట, సిట్రజిన్ ఇంకోటి వెయ్యమంటావా?" అని అడిగింది. ఫోన్ ఆయనకు ఇమ్మన్నాను. "ఏం లేదమ్మా, కొంచెం..." అంటుంటే ఆ మాట నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టు వచ్చింది. ఆ గొంతు విన్నాక నాకు ఇంకేమీ అడగాలనిపించలేదు. "మామయ్యా, నువ్వు మాట్లాడకు. నిటారుగా కూర్చో. అత్తయ్యా, ఆయన వేసుకునే మాత్రలన్నీ ఒక కవర్లో వెయ్యి, 108కి ఫోన్ చెయ్యి" అన్నాను.

మీరు కూడా ఇదే వరుసలో చేయండి.

మొదట, ప్రిల్ మాత్ర ఆపండి. ఆ పూట వేసుకోవాల్సింది ఉంటే వేసుకోవద్దు. మిగతా మందులు, ముఖ్యంగా ఇన్సులిన్, ఆస్పిరిన్, గుండె వేగం తగ్గించే మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. వాటి సంగతి డాక్టర్ చూస్తారు.

తర్వాత, నోరు, గొంతు చూడండి, వినండి. సెల్‌ఫోన్ టార్చి వేసి నాలుక ఎంత మందంగా ఉందో, కొండనాలుక ఉబ్బి వేలాడుతోందో చూడవచ్చు. కానీ స్పూను పెట్టి నొక్కడం, వేలు పెట్టి తడమడం వద్దు. చూసేదానికంటే వినేది ఎక్కువ చెబుతుంది. గొంతు మారిందా? మాట ముద్దగా వస్తోందా? ఉమ్మి మింగలేక చొంగ కారుతోందా? గొంతులో ఏదో అడ్డం పడినట్టు ఉందా? ఊపిరి లోపలికి తీసేటప్పుడు కీచుమని శబ్దం వస్తోందా? పడుకుంటే ఊపిరాడక లేచి ముందుకు వంగి కూర్చుంటున్నారా? వీటిలో ఒక్కటి ఉన్నా వాపు ఊపిరి దారికి చేరువైందని అర్థం. అప్పుడు ఒక్క నిమిషం కూడా ఇంట్లో ఉండకూడదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 108కి, అమెరికాలో 911కి ఫోన్ చేసి "నాలుక వాచింది, ఊపిరి ఇబ్బందిగా ఉంది" అని ఆ రెండు మాటలూ చెప్పండి.

ఇవేవీ లేకుండా ఒక్క పెదవి మాత్రమే వాచినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. పెదవితో మొదలైనది కొన్ని గంటల్లో నాలుకకు, గొంతుకు పాకవచ్చు. ఆ గంటలు మీరు మంచం మీద నిద్రలో ఉండకూడదు, డాక్టర్ కళ్ల ముందు ఉండాలి. "పొద్దున చూద్దాంలే" అనేది ఇక్కడ చెల్లదు.

నోటికి ఏమీ ఇవ్వకండి. నీళ్లు, మజ్జిగ, తేనె, మాత్ర ఏదీ వద్దు. మింగలేని గొంతులో పోసినది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పైగా ఊపిరి కోసం గొంతులో గొట్టం వేయాల్సి వస్తే కడుపు ఖాళీగా ఉండటమే మంచిది. వెల్లకిలా పడుకోబెట్టకండి, వాచిన నాలుక వెనక్కి జారుతుంది. కూర్చుని, కాస్త ముందుకు వంగి, ఉమ్మి వస్తే బయటకు వదిలేయనివ్వండి. రోగి సొంతంగా బండి నడపకూడదు. స్కూటర్ వెనక కూర్చోబెట్టి తీసుకెళ్లడం కూడా మంచిది కాదు, దారిలో ఊపిరాడకపోతే పట్టుకునేవారు కూడా ఉండరు.

ఎక్కడికి వెళ్లాలన్నది పెద్ద ప్రశ్న. ఇంజెక్షన్ చేసి పంపించే క్లినిక్ దీనికి సరిపోదు. మత్తు డాక్టర్, ఐసీయూ, గొంతులో గొట్టం వేయగలిగే ఏర్పాటు ఉన్న చోటు కావాలి. మన ఊళ్ల నుంచి చూస్తే అది సాధారణంగా జిల్లా ఆసుపత్రి లేదా టౌన్‌లో పెద్ద ఆసుపత్రి. ఇప్పుడే ఊపిరి అందనంత ఇబ్బంది ఉంటే మాత్రం దూరం చూడకుండా అన్నిటికంటే దగ్గరి ఆసుపత్రికి వెళ్లాలి. 108 వాళ్లు దారిలో ఆక్సిజన్ పెట్టగలరు.

మామయ్యను అలా నలభై నిమిషాల్లో ఆసుపత్రి చేర్చారు. నేను నేరుగా అక్కడికే వెళ్లాను. అప్పటికి కింది పళ్ల గుర్తులు నాలుక అంచుల మీద గాట్లు పడినట్టు కనిపిస్తున్నాయి. నోరు మూస్తే నాలుక పట్టడం లేదు. చేతిలో తువ్వాలు తడిసి ఉంది. మాట్లాడవద్దన్నానని కాగితం మీద "మంచినీళ్లు" అని రాసి చూపించారు. ఇవ్వలేదు. ఆ ముఖం చూస్తూ ఇవ్వకుండా ఉండటం చాలా కష్టమైంది.

డ్యూటీ డాక్టర్‌కు చెప్పాల్సిన మాటలు

అక్కడ హడావిడిలో అందరూ "ఏం తిన్నారు?" అని అడుగుతారు. మీరు ఆ ప్రశ్నకు జవాబు చెప్పి ఊరుకుంటే కథ మళ్లీ రొయ్యల దగ్గరికే వెళ్తుంది. స్ట్రిప్పు చేతిలో పెట్టి ఇలా చెప్పండి: "ఈ ఎనలాప్రిల్ రెండేళ్లుగా వాడుతున్నారు. చివరి మాత్ర రాత్రి ఎనిమిదింటికి. నాలుక వాపు తొమ్మిదిన్నరకు మొదలైంది, పెరుగుతోంది. దురద లేదు, దద్దుర్లు లేవు. రెండు నెలల కింద పెదవి ఇలాగే వాచి తగ్గింది." నాలుగైదు వాక్యాలు చాలు. పేరు, టైము, దద్దుర్లు ఉన్నాయా లేదా, ముందు వచ్చిందా అన్నవి అందులో ఉండాలి.

అయినా డాక్టర్లు ముందు అడ్రినలిన్, స్టెరాయిడ్, అవిల్ ఇస్తే వద్దని వాదించకండి. మొదటి నిమిషాల్లో ఇది అలర్జీ షాకా, మాత్ర వాపా అని ఖాయంగా చెప్పడం కష్టం. అలర్జీ షాకే అయితే అడ్రినలిన్ ఆలస్యం చేయడం ప్రాణాలకు ముప్పు. అందుకే అనుమానం ఉంటే ఇస్తారు, ఇవ్వాలి కూడా. ఇచ్చాక వాపు తగ్గకపోతే అదే ఒక ఆనవాలు. మామయ్యకు గంట గడిచినా నాలుక అలాగే ఉంది.

ఇక్కడ అసలు చికిత్స ఊపిరి దారిని కాపాడటం. ముక్కులోంచి సన్నటి కెమెరా పంపి నాలుక మొదలు, స్వరపేటిక ఎలా ఉన్నాయో చూస్తారు. వాపు లోపలికి పాకుతుంటే, ఇంకా దారి ఉండగానే, చేయి తిరిగిన మత్తు డాక్టర్ గొట్టం వేస్తారు. దారి పూర్తిగా మూసుకుపోయాక గొట్టం వేయడం చాలా కష్టం. అప్పుడు మెడ ముందుభాగంలో కోసి దారి చేయాల్సి వస్తుంది. అందుకే "బాగానే మాట్లాడుతున్నారు కదా, గొట్టం ఎందుకు" అని బంధువులు అడ్డుపడకూడదు. డాక్టర్లు గొట్టం వేద్దామన్నప్పుడు సంతకం పెట్టడానికి ఊరి నుంచి ఇంకొకరు రావాలని ఆగకండి.

బ్రాడికైనిన్‌ను అడ్డుకునే ఇకాటిబాంట్ అనే ఇంజెక్షన్ ఉంది. అది వేరే జాతి వంశపారంపర్య వాపుకు బాగా పనిచేస్తుంది. ప్రిల్ వాపులో ఒక పరిశోధనలో మేలు కనిపించింది, తర్వాత జరిగిన పెద్ద పరిశోధనలో కనిపించలేదు. పైగా ఖరీదైనది, అన్నిచోట్లా దొరకదు. మన దగ్గర చాలాచోట్ల బ్లడ్ బ్యాంకు నుంచి ప్లాస్మా తెప్పించి ఎక్కిస్తారు. ఆ ప్లాస్మాలో ఆరోగ్యవంతుల ఏస్ ఎంజైమ్ ఉంటుంది కాబట్టి పేరుకున్న బ్రాడికైనిన్‌ను అది విరగ్గొడుతుందన్నది ఆలోచన. కొంతమందికి త్వరగా తగ్గినట్టు డాక్టర్లు రాశారు, కానీ దానికి గట్టి రుజువులు తక్కువ. మామయ్యకు రెండు యూనిట్లు ఎక్కించారు. స్వరపేటిక దాకా వాపు పోలేదు కాబట్టి గొట్టం వేయలేదు, కానీ తెల్లవార్లూ ఐసీయూలో, గొట్టం వేసే ట్రే మంచం పక్కనే పెట్టి ఉంచారు. మర్నాడు మధ్యాహ్నానికి నాలుక మీద గాట్లు తగ్గాయి. సాయంత్రం ముద్ద లేకుండా "అమ్మాయ్" అని పిలిచారు. ప్లాస్మా వల్ల తగ్గిందా, గడువు తీరి తగ్గిందా అన్నది నేను చెప్పలేను. డాక్టర్ కూడా చెప్పలేదు.

పెదవి వాపు మాత్రమే ఉంటే చాలాసార్లు కొన్ని గంటలు చూసి, పెరగడం లేదని నిర్ధారించుకుని పంపిస్తారు. నాలుక వాస్తే ఆ రాత్రి అక్కడే ఉంచమని అడగండి.

ఇంటికి వచ్చాక

ప్రిల్ మాత్రల స్ట్రిప్పులు ఇంట్లో ఉంచకండి. ఎనలాప్రిల్ పడకపోతే రామిప్రిల్ వేసుకుందాం అనుకోకూడదు. ఈ జాతిలో ఒకటి పడకపోతే ఏదీ పడదు, మోతాదు తగ్గించినా పడదు, జీవితాంతం పడదు.

బీపీని మాత్రం గాలికి వదిలేయకూడదు. మాత్ర ఆపిన మర్నాడే, లేదా ఆ మరుసటి రోజు డాక్టర్‌ను కలిసి వేరే మందు రాయించుకోండి. మామయ్యకు అమ్లోడిపిన్ ఇచ్చారు, షుగర్‌కు విల్డాగ్లిప్టిన్ తీసేసి వేరేది మార్చారు. టెల్మిసార్టాన్, లోసార్టాన్ లాంటి 'సార్టాన్' మందులు వేసుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. అవి వేరే చోట పనిచేస్తాయి, బ్రాడికైనిన్‌ను పేర్చవు. ప్రిల్ వాపు వచ్చిన వాళ్లలో ఎక్కువమందికి అవి సరిపడతాయి, నూటికి కొద్దిమందికి మాత్రం వాటితోనూ వాపు వస్తుంది. అందుకే గుండెకో కిడ్నీకో తప్పనిసరి అయితే, కొన్ని వారాలు ఆగి, ఏం చూసుకోవాలో చెప్పి డాక్టర్ మొదలుపెడతారు. ఆ నిర్ణయం మెడికల్ షాపు దగ్గర జరగకూడదు.

గుండె నీరసానికి ఇచ్చే సాకుబిట్రిల్ అనే మందు ఒకటుంది, వాల్‌సార్టాన్‌తో కలిపి వస్తుంది. ఇది 'ప్రిల్' కాదు, కానీ ఇది కూడా బ్రాడికైనిన్‌ను విరగ్గొట్టే ఇంకో ఎంజైమ్‌ను ఆపుతుంది. ప్రిల్ మాత్ర వేసుకునేవారు దీనికి మారేటప్పుడు మధ్యలో కనీసం 36 గంటలు ఖాళీ ఉండాలి. ఒకసారి ప్రిల్ వాపు వచ్చినవారికి ఇది అసలే ఇవ్వకూడదు.

మాత్ర ఆపేశాక కూడా మొదటి కొన్ని వారాల్లో వాపు మళ్లీ కనిపించవచ్చు. మామయ్యకు ఇరవై రోజుల తర్వాత కిందిపెదవి కొద్దిగా ఉబ్బింది. మాత్ర మానేశాం కదా, అంటే కారణం మాత్ర కాదేమో అని అత్తయ్య మళ్లీ రొయ్యల వైపు చూసింది. మళ్లీ ఆసుపత్రికే తీసుకెళ్లాం, నాలుగు గంటలు కూర్చోబెట్టి పంపించారు. ఆ తర్వాత రాలేదు. నెలలు గడిచాక కూడా వస్తూనే ఉంటే వేరే కారణం వెతకాలి. సీ1 ఇన్హిబిటర్ అనే ప్రొటీన్ తక్కువగా ఉందేమో రక్తపరీక్ష చేస్తారు.

ఈ సంఘటనను రిపోర్టు చేయవచ్చు. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ మందుల దుష్ప్రభావాలను నమోదు చేయడానికి నడిపే కార్యక్రమానికి 1800-180-3024 అనే టోల్‌ఫ్రీ నంబరు ఉంది. మందు పేరు, మోతాదు, ఎప్పుడు మొదలైంది, ఎలా తగ్గింది అని అడుగుతారు. రోగి బంధువులు కూడా చేయవచ్చు.

ఇక అన్నిటికంటే పనికొచ్చింది ఒక చిన్న కాగితం. "ఎనలాప్రిల్ వల్ల నాలుక వాపు, ఐసీయూ. ప్రిల్ మందులు ఏవీ ఇవ్వకూడదు" అని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఎర్ర పెన్నుతో రాసి, ఆధార్ కార్డు వెనక పర్సులో పెట్టాను. ప్రిస్క్రిప్షన్ ఫైలు మొదటి పేజీ మీద కూడా అదే రాశాను. మామయ్య ఫోన్‌లో స్క్రీన్ మీద కనబడేలా పెట్టాను. "ఇంత అవసరమా?" అన్నారాయన.

ఏడాది తర్వాత ఛాతీలో మంటగా ఉందని ఆయన ఒంటరిగా వేరే ఊళ్లో ఒక క్లినిక్‌కు వెళ్లారు. ఈసీజీ బాగానే ఉంది. బీపీ కాస్త ఎక్కువగా ఉందని అక్కడ రామిప్రిల్ 2.5 మి.గ్రా. రాశారు. మందులు ఏమైనా పడవా అని అడిగితే మామయ్య రొయ్యలు పడవని చెప్పారు. చీటీ తీసుకుని బయటకు వచ్చి డబ్బులకోసం పర్సు తెరిస్తే ఎర్ర అక్షరాల కాగితం కనబడింది. వెనక్కి వెళ్లి చూపించారు. డాక్టర్ ఆ కాగితం రెండుసార్లు చదివి, రామిప్రిల్ కొట్టేసి, అమ్లోడిపిన్ మోతాదు పెంచి, చీటీ పైన పెద్ద అక్షరాల్లో తనే మళ్లీ రాసి ఇచ్చారు.